అమ్మాయి ముఖం అటు తిప్పితే ఎంత?

"బొమ్మ చాలా బాగుందండీ. అమ్మాయి ముఖం మాత్రం కొంచెం ఎడమవైపు తిప్పండి. చిన్న మార్పే కదా!" బొమ్మలు గీసి బతికే వాళ్ల ఫోన్లలో ఇలాంటి మెసేజ్ ఒక్కటైనా ఉంటుంది. పెన్సిలు, రంగుల కాలంలో దీనికి జవాబు తేలిక. ముఖం తిప్పడమంటే బొమ్మ మళ్లీ గీయడమేనని అడిగినవాళ్లకూ తెలుసు. ఇప్పుడు కొందరు ఇలస్ట్రేటర్లు తమ స్కెచ్‌కి ఏఐ సాఫ్ట్‌వేర్‌ను జోడించి పని చేస్తున్నారు. దాంతో క్లయింట్లకు కొత్త అనుమానం పుట్టింది. కంప్యూటరే గీస్తున్నప్పుడు నాలుగు మాటలు మార్చి టైప్ చేస్తే అయిపోదా?

అవదు. ఎందుకు అవదో, ఏ మార్పు ఉచితమో, దేనికి డబ్బు పడుతుందో పని మొదలుకాక ముందే ఉత్తరంలో రాసి పంపితే తర్వాత మాటా మాటా పెరగదు. అలాంటి ఉత్తరంలో ఏముండాలో తెలియడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లోని ఒక పత్రిక సంక్రాంతి సంచికకు ముఖచిత్రం కావాలి. వాకిట్లో లంగా ఓణీ వేసుకున్న అమ్మాయి ముగ్గు పెడుతుంటుంది, వెనక గంగిరెద్దు. గీసేది విజయవాడలో ఉండే ఫ్రీలాన్స్ చిత్రకారిణి.

ఆమె ఉత్తరం డబ్బుతో కాక, పని జరిగే తీరుతో మొదలవుతుంది: "ఎడిటర్ గారికి నమస్కారం. ఈ బొమ్మకు రెండు మూలాలు ఉంటాయి. ఒకటి నేను చేత్తో గీసే స్కెచ్. రెండోది ఆ స్కెచ్‌తో పాటు సాఫ్ట్‌వేర్‌కి నేనిచ్చే మాటలు, అంటే ప్రాంప్ట్. ఏది ఎక్కడ, ఎంత పెద్దగా, ఎటు తిరిగి ఉండాలో స్కెచ్ చెబుతుంది. వెలుతురు ఎలా పడాలి, బట్ట ఏ రంగు, మొత్తం నీటిరంగుల్లా ఉండాలా తైలవర్ణంలా ఉండాలా అన్నది ప్రాంప్ట్ చెబుతుంది."

ఈ విభజనే ఉత్తరానికంతా ఆధారం. ప్రాంప్ట్ ఒక్కటే ఇస్తే ఏమవుతుందో చూస్తే స్కెచ్ అవసరం తెలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ వివరణలున్న బొమ్మలను చూసి నేర్చుకున్నవి కాబట్టి ప్రాంప్ట్ కూడా ఇంగ్లిష్‌లోనే పడుతుంది. ఈ ముఖచిత్రానికి అది ఇలా ఉండవచ్చు:

```
Telugu girl in green half-saree drawing a white dot muggu,
winter dawn light, decorated bull behind, gouache
```

దీన్ని మాత్రమే ఇస్తే ఓణీ చీరైపోవచ్చు. ముగ్గు స్థానంలో రంగుల పొడితో నింపిన ఉత్తరాది రంగోలీ రావచ్చు. గంగిరెద్దు ఏ దేశపు ఎద్దో తెలియకుండా రావచ్చు. అమ్మాయి ఎటు కూర్చుంటుందో మన చేతిలో ఉండదు. "ఎడమవైపు", "కాస్త కింద" లాంటి మాటలను ఈ సాఫ్ట్‌వేర్లు అంత నమ్మకంగా పాటించవు. గీతతో చెబితే పాటిస్తాయి.

గీతతో చెప్పే దారిని 2023లో కంట్రోల్‌నెట్ అనే పద్ధతి బాగా సుగమం చేసింది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి ఇమేజ్ మోడల్‌కు అది తోడుగా నడుస్తుంది. స్కెచ్‌ని స్కాన్ చేసి ఇస్తే గీతలను పట్టుకుని, బొమ్మ ఆ గీతల వెంటే తయారయ్యేలా చూస్తుంది. గీతకు ఎంత కట్టుబడాలో ఒక అంకెతో చెప్పవచ్చు. మరీ బిగిస్తే రంగులు పూసిన గీతబొమ్మలా బిరుసుగా వస్తుంది. మరీ వదిలేస్తే అమ్మాయి చెయ్యి తనకు తోచిన చోటికి పోతుంది. ఈ మధ్యస్థానం వెతకడంలోనే చిత్రకారిణికి ఒక పూట గడిచిపోతుంది. ఆ సంగతి క్లయింట్‌కి కనపడదు కాబట్టి ఉత్తరంలో ఒక వాక్యం దానికీ ఉండటం న్యాయమే.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ సాఫ్ట్‌వేర్ కుంచెతో వేసినట్టు ఒక మూల నుంచి ఇంకో మూలకు బొమ్మ వేయదు. పాత టీవీలో ఛానల్ రానప్పటి చుక్కల లాంటి గందరగోళంతో మొదలుపెట్టి, ఆ గందరగోళాన్ని దశలవారీగా మొత్తం బొమ్మంతటా ఒకేసారి తొలగిస్తూ పోతుంది. అందుకే ప్రాంప్ట్‌లో ఆకుపచ్చని తీసి మెరూన్ అని పెడితే ఓణీ రంగుతో పాటు అమ్మాయి చూపు, ఎద్దు మెడలో గంటలు, వాకిలి గోడ కూడా ఎంతో కొంత మారతాయి. ఏ గందరగోళం నుంచి మొదలైందో గుర్తించే సంఖ్యను సీడ్ అంటారు. సీడ్‌ను, మిగతా సెట్టింగులను రాసి పెట్టుకుంటే పాత బొమ్మను దాదాపు అలాగే తిరిగి రప్పించవచ్చు. ప్రాంప్ట్‌లో మాట మార్చాక మాత్రం ఆ సీడ్ మార్పును తగ్గించగలదే తప్ప ఆపలేదు.

దీనికి మందు మాస్కింగ్. ఓణీ వరకూ చుట్టూ గీత గీసి, ఆ భాగాన్నే మళ్లీ తయారు చేయించడం. ఇది చేయదగ్గ పనే, కొద్ది గంటల్లో తేలుతుంది. కానీ ముఖం ఎడమవైపు తిప్పాలంటే మెడ, భుజం, జడ, ఓణీ మడతలు, నీడ అన్నీ కదలాలి. అది మాస్క్‌తో కుదరదు, స్కెచ్‌కే వెళ్లాలి. అంటే ఓణీ రంగు మార్పు ప్రాంప్ట్ వైపు మార్పు, ముఖం తిప్పడం స్కెచ్ వైపు మార్పు. చెప్పడానికి రెండూ ఒక్కో వాక్యమే అయినా, పనిలో ఒకటి సాయంత్రానికి అవుతుంది, ఇంకొకటి మొదటికొస్తుంది.

అందుకే ఉత్తరంలో రివిజన్ల భాగం మార్పు చిన్నదా పెద్దదా అని చూడదు, ఏ దశలో అడిగారని చూస్తుంది. "మొదట పెన్సిలుతో మూడు చిన్న చిత్తు స్కెచ్‌లు పంపుతాను. మీరు ఒకటి ఎంచుకున్నాక దాన్ని పూర్తి గీతల్లో వేస్తాను. ఈ దశలో రెండు విడతలు మార్పులు అడగవచ్చు. ఎటు తిరగాలి, ఎద్దు ఎంత పెద్దగా ఉండాలి, పత్రిక పేరుకి పైన ఎంత ఖాళీ వదలాలి అన్నవన్నీ ఇక్కడే తేల్చండి. మీరు 'సరే' అని రాసి పంపాకే రంగుల్లోకి వెళతాను. రంగుల దశలో ఇంకో రెండు విడతలు ఉంటాయి. రంగు, వెలుతురు, బట్ట నేత, ముఖంలో భావం వీటిలో వస్తాయి. రంగుల తర్వాత స్కెచ్ మారిస్తే అది కొత్త పని, అసలు ఫీజులో 40 శాతం అదనం."

ఆ శాతం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. విడత అంటే ఏమిటో చెప్పడం అంతకన్నా ముఖ్యం. ఆఫీసులో ముగ్గురు ఉంటే మూడు రోజుల్లో మూడు వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయి, ఒక్కోసారి ఒకదానికొకటి పొసగవు కూడా. "అందరి అభిప్రాయాలూ కలిపి ఒకే జాబితాగా పంపితే అది ఒక విడత" అని రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

తన వల్ల వచ్చిన తప్పులను చిత్రకారిణి ఈ లెక్కలోకి తేదు, తేకూడదు. సాఫ్ట్‌వేర్ చేసే తప్పులూ ఆమె తప్పుల కిందకే వస్తాయి, ఎందుకంటే దాన్ని వాడాలనుకున్నది ఆమే. ఆరో వేలు, ఎద్దుకు ఐదో కాలు, కుడి భుజం మీదికి పోయిన ఓణీ లాంటివి ఎన్నిసార్లు కనబడినా దిద్దే బాధ్యత ఆమెదే. బొమ్మ చేతికి రాగానే ఎడిటర్ చూడాల్సినవి కూడా ఇవే. మొత్తం అందంగా ఉందన్న సంబరంలో ఇవి కంటికి ఆనవు.

ముగ్గు మాత్రం ప్రత్యేకమైన కథ. ఏడు చుక్కలు, నాలుగు వరకు, సందు చుక్క అనుకోండి. మధ్య వరుసలో ఏడు, పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు చొప్పున మొత్తం 37 చుక్కలు. స్కెచ్‌లో 37 పెట్టి పంపినా సాఫ్ట్‌వేర్ నుంచి అన్నీ రావు. కొన్ని కలిసిపోతాయి, గీత ఎక్కడో తెగి ఇంకెక్కడో అతుక్కుంటుంది. కారణం ఉంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్లు బొమ్మను పొడవులోనూ వెడల్పులోనూ ఎనిమిదో వంతుకు కుదించిన రూపంలో లెక్కలు వేసి, చివరికి విప్పుతాయి. చిన్న చుక్కలు, సన్నటి గీతలు ఆ కుదింపులో నలిగిపోతాయి. దూరంగా ఉన్న ముఖాలు, తెలుగు అక్షరాలు చెదిరిపోవడంలోనూ దీని పాత్ర ఉంది.

కాబట్టి ముగ్గును, అక్షరాలను సాఫ్ట్‌వేర్‌కి వదలనని ఉత్తరం స్పష్టంగా చెబుతుంది. ముగ్గు చేత్తో గీసి వేరే లేయర్‌గా పైన పెడతారు. అక్షరాలు ఫాంట్‌తో వేస్తారు. ఈ రెండింటిలో మార్పు ఎప్పుడు అడిగినా తేలికే, పక్కదేదీ కదలదు.

సైజు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్‌ఎల్ నిలువు బొమ్మను సాధారణంగా ఇచ్చే కొలతల్లో ఒకటి 832 × 1216 పిక్సెళ్లు. అచ్చుకు కావలసిన 300 డీపీఐలో ఎ4 ముఖచిత్రమంటే 2480 × 3508. అంటే సుమారు మూడు రెట్లు పెంచాలి. పెంచేటప్పుడు సాఫ్ట్‌వేర్ లేని వివరాలను ఊహించి నింపుతుంది, బట్ట మీద లేని బుటాలు కూడా మొలవవచ్చు. ఫోన్‌లో చూసి సరేనన్న బొమ్మను పెద్ద సైజులో మరోసారి చూసి సరే అనమని ఆమె అడిగేది ఇందుకే. ముగ్గును మాత్రం పెంచాక, అచ్చు సైజులోనే గీస్తుంది.

"బాపు బొమ్మలా చేయండి" అన్న కోరికకు ఉత్తరంలో ఒకే వాక్యం: ఏ చిత్రకారుడి పేరూ ప్రాంప్ట్‌లో పెట్టను. శైలికి కాపీరైట్ లేదు, నిజమే. బొమ్మలకు ఉంది. భారత చట్టంలో అది కళాకారుడు పోయిన తర్వాత 60 ఏళ్లు నిలుస్తుంది, బాపు పోయింది 2014లో.

ఇక బొమ్మ ఎవరిది? ఈ ప్రశ్నకు అమెరికాలో ఒకే ఆర్టిస్టు పేరు మీద రెండు జవాబులు వచ్చాయి. క్రిస్ కష్టనోవా కామిక్ పుస్తకం 'జార్యా ఆఫ్ ది డాన్'లోని బొమ్మలు మిడ్‌జర్నీకి ప్రాంప్టులు ఇచ్చి చేయించినవి. 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఆ పుస్తకంలోని రాతకు, అమరికకు హక్కు ఉందని, విడి బొమ్మలకు లేదని తేల్చింది. తర్వాత అదే ఆర్టిస్టు చేత్తో గీసిన బొమ్మను ప్రాంప్ట్‌తో పాటు సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి 'రోజ్ ఎనిగ్మా' చేశారు. ఈసారి ఫలితంలో స్పష్టంగా కనిపిస్తున్న చేతి గీత మేరకు రిజిస్ట్రేషన్ దొరికింది. ఆ ఆఫీసు 2025 జనవరి నివేదికలో ఈ బొమ్మను ఉదాహరణగా చూపింది. ప్రాంప్ట్ ఒక్కటే అయితే చాలదనీ అందులో చెప్పింది. మన కోర్టులకు ఇది కట్టుబాటు కాదు. అయినా పెన్సిలు స్కెచ్‌లు, స్కాన్‌లు, ప్రాంప్టులు, సీడ్ నంబర్లు తేదీలతో సహా దాచి బొమ్మతో పాటు ఎడిటర్‌కి అందజేస్తానని చిత్రకారిణి రాయడానికి ఇది మంచి కారణం.

హక్కుల బదిలీ గురించి మన చట్టం చెప్పేదీ ఉత్తరంలో ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అనుకుంటారు. ఎక్కడి వరకో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. ఈ పత్రిక ఈ-సంచికను డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు కూడా కొంటారు. అందుకని ఉత్తరం చివరి పేరాలో "ముఖచిత్రంగా, అచ్చులోనూ ఈ-సంచికలోనూ, ప్రపంచవ్యాప్తంగా, 10 ఏళ్లు" అని ఉంటుంది. క్యాలెండర్‌గానో గ్రీటింగ్ కార్డుగానో వేసుకోవాలంటే వేరే రేటు, దాన్ని మాట్లాడుకోవడానికి ఆమె ఫోన్ నంబరు కింద ఉంది.