జీతాల లెక్క బయటివాళ్లది, ఆడిట్ మనది

హైదరాబాద్‌లో 800 మంది ఉద్యోగులున్న కంపెనీ ఒకటి ఉందనుకోండి. నెలకు 4 కోట్ల జీతాలు. ఆ లెక్కలు కంపెనీ వేయదు, ఒక పేరోల్ సంస్థ వేసి పంపుతుంది. 2025 మార్చితో ఏడాది ముగిశాక ఆడిటర్ 48 కోట్ల జీతాల ఖర్చు సరిగ్గా ఉందో లేదో తేల్చాలి. లెక్క తయారయ్యేది మాత్రం వేరేచోట. ఆ పేరోల్ సంస్థకు ఎందరో ఖాతాదారులు. అందరి ఆడిటర్లూ వచ్చి కూర్చుంటే దాని పని సాగదు. అందుకే తానే ఒక ఆడిటర్ని పెట్టుకుని, తన నియంత్రణలను పరీక్ష చేయించి, ఆ నివేదికను అందరికీ ఇస్తుంది. అదే ఎస్‌ఓసీ 1 రిపోర్టు. మన ఆడిటర్లు దాన్ని ఎలా వాడుకోవాలో ఎస్‌ఏ 402 ప్రమాణం చెబుతుంది.

రిపోర్టు రాగానే మొదటి పేజీల్లోని అభిప్రాయం చదివి, 'క్లీన్' అని రాసి ఫైల్లో పెట్టేసేవాళ్లు చాలామంది. నన్నడిగితే మనకు అన్నిటికంటే తక్కువ చెప్పేది ఆ అభిప్రాయమే. అది టైప్ 1 రిపోర్టా, టైప్ 2 రిపోర్టా అన్నది ముందు చూడాలి. ఒక ఫలానా తేదీన నియంత్రణలు సరిగ్గా అమర్చి ఉన్నాయని మాత్రమే టైప్ 1 చెబుతుంది. అవి కొంతకాలం పాటు నిజంగా పనిచేశాయా అన్నది టైప్ 2లోనే ఉంటుంది. మన కంపెనీ చేతికి వచ్చింది టైప్ 2 అనుకుందాం.

ఇక కాలం. రిపోర్టు 2024 జనవరి నుంచి డిసెంబరు వరకు. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు బయట ఉండిపోయాయి. ఈ ఖాళీకి పేరోల్ సంస్థ 'బ్రిడ్జ్ లెటర్' పంపుతుంది, డిసెంబరు తర్వాత చెప్పుకోదగ్గ మార్పులేవీ లేవని. అది సంస్థ తన గురించి తాను రాసుకున్న ఉత్తరం. దాన్ని ఏ ఆడిటరూ పరీక్షించలేదు. పైగా మిగిలినవి మామూలు నెలలు కావు. ఉద్యోగులు పెట్టుబడుల రుజువులు ఇచ్చేది, ఏడాది టీడీఎస్ సర్దుబాటయ్యేది, చాలాచోట్ల బోనస్‌లు లెక్కకట్టేది అప్పుడే. కాబట్టి ఇక్కడ ఉత్తరంతో సరిపెట్టుకోకుండా లెక్కల్నే పట్టుకోవడం మేలు. ఆ మూడు నెలల జీతాల రిజిస్టరును బ్యాంకు చెల్లింపులతో పోల్చాలి. కొందరి జీతం, పన్ను తానే మళ్లీ లెక్కకట్టాలి. టీడీఎస్ మొత్తాలను ఫారం 24క్యూతో సరిచూడాలి.

అసలు సరుకు నాలుగో విభాగంలో ఉంటుంది: ఏ నియంత్రణను ఎలా పరీక్షించారు, ఏం తేలింది. మన రిపోర్టులో ఒకచోట ఇలా ఉందనుకోండి: సాఫ్ట్‌వేర్ మార్పుల్లో 25 తీసి చూస్తే, రెండింటికి ముందస్తు ఆమోదం కనబడలేదు. అయినా పై అభిప్రాయం క్లీనే. ఎందుకంటే మిగతా నియంత్రణలన్నీ కలిపి చూస్తే లక్ష్యం నెరవేరిందని వాళ్ల ఆడిటర్ భావించారు. మన ఆడిటర్ అడగాల్సింది వేరు: ఆ రెండు మార్పులు మన కంపెనీ జీతాలను తాకాయా? 'తర్వాత సరిదిద్దాం' అన్న యాజమాన్యం వివరణ ఐదో విభాగంలో ఉంటే, దానికి ఆడిట్ అభిప్రాయం వర్తించదు. కాబట్టి మన జీతాలకు సంబంధించిన మార్పుల జాబితా తెప్పించుకుని, ఒక్కో మార్పుకు ముందు నెలలోనూ తర్వాతి నెలలోనూ కొందరి జీతాలు లెక్కకట్టి చూడాలి. సర్వర్లు వేరే క్లౌడ్ సంస్థవై, రిపోర్టు వాటిని మినహాయించి ఉంటే, ఆ సంస్థ రిపోర్టు కూడా అడగాలి.

చాలామంది తిప్పేసే పేజీ మరొకటుంది. ఖాతాదారు తన వైపు చేయాల్సిన పనుల జాబితా అది. చేరినవాళ్ల, మానేసినవాళ్ల వివరాలు వేళకు పంపడం, జీతాలు విడుదల చేసేముందు రిజిస్టరు చూసి ఆమోదించడం, మానేసినవాళ్ల పోర్టల్ లాగిన్ తీసేయడం. పేరోల్ సంస్థ నియంత్రణలు ఇవి జరుగుతున్నాయన్న నమ్మకం మీదే నిలబడ్డాయి. ఇవి జరిగాయో లేదో వాళ్ల ఆడిటర్ చూడలేదు, చూడరు కూడా.

అక్టోబరులో ఒకరు రాజీనామా చేశారు, హెచ్‌ఆర్ కబురు పంపలేదు. పేరోల్ సంస్థ నవంబరు జీతం తప్పులేకుండా లెక్కకట్టి, వేళకు వేసేసింది. దాని రిపోర్టులో ఇది ఎక్కడా లోపంగా కనబడదు. ఇది బయటపడాలంటే పరీక్షను హెచ్‌ఆర్ దగ్గరున్న రిలీవింగ్ లెటర్ల నుంచి మొదలుపెట్టాలి. ఏడాదిలో 130 మంది మానేస్తే అందులో 25 మందిని ఎంచుకుని, చివరి పనిదినం తర్వాత జీతం పడిందేమో రిజిస్టరులో వెతకాలి. రిజిస్టరు నుంచి మొదలుపెట్టి ఉద్యోగి ఫైలుకు వెళ్లే పరీక్ష వేరు. అసలు లేని మనిషి పేరున జీతం పోతోందా అన్నది దానితో తేలుతుంది. మొదటి పరీక్షలో ఒక్కరు దొరికినా, ఆ నెల రిజిస్టరును ఆమోదించినవాళ్లు ఏం చూసి సంతకం పెట్టారో అడగాలి. 'మొత్తం కిందటి నెలకు దగ్గరగా ఉంది' అన్నదే జవాబైతే, ఆ ఆమోదాన్ని నియంత్రణగా లెక్కించడం మాని, మిగిలిన 105 మందినీ చూడాల్సిందే.