కర్నూలు పాస్‌పోర్టు, లిస్బన్ షరతు

2001లో కర్నూలు చిరునామాతో సికింద్రాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి రెండు పాస్‌పోర్టులు జారీ అయ్యాయి. ఒకటి రమిల్ కమిల్ మాలిక్ పేరు మీద, రెండోది సనా మాలిక్ కమాల్ పేరు మీద. పేర్లు బూటకం, చిరునామా బూటకం, పోలీసు విచారణ నివేదికా బూటకమే. ఫొటోలు మాత్రం అసలైనవి. మొదటి పాస్‌పోర్టులో ఉన్న మనిషి అబూ సలేం. 1993 మార్చి 12న 257 మంది ప్రాణాలు తీసిన ముంబై వరుస పేలుళ్ల కేసులో అతను నిందితుడు, ఆ ఏడాదే దేశం దాటిపోయాడు. రెండో ఫొటో నటి మోనికా బేడీది.

2002 సెప్టెంబర్‌లో ఇద్దరూ పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దొరికిపోయారు. మనిషి దొరికాడు, ఎక్కడున్నాడో తెలుసు, తాళం కూడా పడింది. అయినా అతను ముంబైలో విమానం దిగడానికి మరో మూడేళ్లు పైనే పట్టింది. వచ్చాక కూడా కథ ముగియలేదు. అతన్ని ఏ నేరాలకు విచారించాలి, ఎంతకాలం జైల్లో ఉంచాలి అన్న వాదన 2022లో సుప్రీంకోర్టు దాకా నడిచింది. పరాయి దేశం నుంచి నిందితుణ్ణి రప్పించడంలో ఉన్న చిక్కుముళ్లన్నీ ఈ ఒక్క కేసులోనే కనిపిస్తాయి.

ఒక దేశం పోలీసులు మరో దేశానికి వెళ్లి బేడీలు వేసి తీసుకురాలేరు. ఇంటర్‌పోల్ రెడ్ నోటీసు ఉన్నా అది అరెస్టు వారంటు కాదు, ఈ మనిషి మాకు కావాలి అని సభ్య దేశాలకు చెప్పే కబురు మాత్రమే. అసలు పని దౌత్య మార్గంలో వెళ్లే అభ్యర్థనతో మొదలవుతుంది. వారంటు, అభియోగాలు, సాక్ష్యాల సారాంశం, వర్తించే సెక్షన్లు అన్నీ జతచేసి పంపాలి. వాటిని అక్కడి కోర్టు పరిశీలిస్తుంది. కోర్టు సరే అన్నాక చివరి మాట చాలా దేశాల్లో ప్రభుత్వానిదే. సలేం విషయంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అప్పటికి భారత్‌కు, పోర్చుగల్‌కు మధ్య అప్పగింత ఒప్పందమే లేదు. బాంబు దాడుల నిరోధానికి ఉద్దేశించిన అంతర్జాతీయ ఒడంబడికను ఆధారం చేసుకుని, పోర్చుగల్‌కు మన అప్పగింత చట్టాన్ని వర్తింపజేస్తూ 2002 డిసెంబర్‌లో ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇచ్చి మరీ అడగవలసి వచ్చింది.

అక్కడి కోర్టు ముందుగా చూసేది ఒకటుంది. ఈ మనిషి చేశాడంటున్న పని మీ దేశంలో నేరమే, సరే. మా దేశంలో కూడా నేరమేనా? దీన్నే న్యాయశాస్త్రంలో ద్వంద్వ నేరత్వం అంటారు. తన గడ్డ మీద తప్పు కాని పనికి తన పోలీసుల చేత మనిషిని పట్టించి పంపడానికి ఏ దేశమూ ఒప్పుకోదు. పైగా అది చిల్లర నేరం కాకూడదు. రెండు దేశాల్లోనూ కనీసం ఏడాది జైలు పడేంత నేరమై ఉండాలని మన ఒప్పందాల్లో చాలావాటిలో ఉంది.

విదేశీ సంబంధాలు ఎక్కువగా చేసుకునే తెలుగు కుటుంబాలకు ఈ నియమం దగ్గరి వ్యవహారమే. కట్నం అడగడం, పుచ్చుకోవడం 1961 నుంచి మన దగ్గర నేరం. అమెరికాలో అలాంటి చట్టం లేదు. అందుకని అక్కడున్న అల్లుడి మీద పెట్టిన కేసులో కట్నం అడిగాడన్న ఒక్క మాటే ఉంటే అది ఈ పరీక్షలో నిలవడం కష్టం. కొట్టాడు, చంపుతానని బెదిరించాడు అన్న ఆరోపణలు తేదీలతో, సాక్ష్యాలతో ఉంటే సంగతి వేరు, ఎందుకంటే కొట్టడం అక్కడా నేరమే. కోర్టులు సాధారణంగా సెక్షన్ పేరు చూడవు, జరిగిన పనిని చూస్తాయి. మన పోలీసులు సెక్షన్ల నంబర్లు వరుసగా రాసి, ఎవరు ఏ రోజు ఏం చేశారో రెండు ముక్కల్లో తేల్చేసిన కాగితాలు సరిహద్దు దాటాక బలహీనపడేది ఇక్కడే.

ఈ నియమం ఎంత పదునైనదో చిలీ మాజీ నియంత పినోచె కేసులో లోకం చూసింది. చికిత్స కోసం లండన్ వచ్చిన అతన్ని స్పెయిన్ కోరిక మీద 1998 అక్టోబర్‌లో అరెస్టు చేశారు. 1973లో అధికారం చేజిక్కించుకున్న నాటి నుంచి మనుషులను చిత్రహింసలు పెట్టించాడన్నది ఆరోపణ. చిత్రహింస బ్రిటన్‌లోనూ నేరమే కదా, ఇక అడ్డేముంది అనిపిస్తుంది. కానీ ఎప్పటి నుంచి నేరం అని న్యాయమూర్తులు అడిగారు. వేరే దేశంలో పెట్టిన చిత్రహింసను బ్రిటన్‌లో శిక్షించే చట్టం 1988 సెప్టెంబర్ 29న మాత్రమే అమల్లోకి వచ్చింది. పని జరిగిన నాడు అది బ్రిటన్‌లో నేరమై ఉండాలని ప్రభువుల సభ న్యాయమూర్తులు 1999 మార్చిలో తేల్చారు. దాంతో అతని పాలనలో అత్యంత క్రూరమైన తొలి సంవత్సరాలకు చెందిన ఆరోపణలు చాలామటుకు రాలిపోయాయి. మిగిలిన కొద్దిపాటి ఆరోపణల మీద ప్రక్రియ ముందుకు సాగినా, ఆరోగ్యం బాగాలేదని 2000 మార్చిలో అతన్ని చిలీకి వెళ్లనిచ్చారు.

సలేం కేసులో ఈ మెట్టు మరీ ఎత్తయినది కాదు. టాడా మన చట్టం, పోర్చుగల్‌లో లేదు. కానీ హత్య, పేలుడు, వాటికోసం కుట్ర ఏ దేశంలోనైనా నేరాలే. అసలు పీటముడి శిక్ష దగ్గర పడింది.

పోర్చుగల్ మామూలు నేరాలకు మరణశిక్షను 1867లోనే రద్దు చేసింది. యావజ్జీవం కూడా అక్కడ లేదు, ఎంత ఘోరానికైనా గరిష్ఠంగా పాతికేళ్లే. ఉరి పడే అవకాశం ఉన్న చోటికి మనిషిని పంపడాన్ని వాళ్ల రాజ్యాంగమే ఒప్పుకోదు. అందుకే 2002 డిసెంబర్ 17న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ భారత ప్రభుత్వం తరఫున రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. సలేంకు మరణశిక్ష పడదు, పాతికేళ్లకు మించి జైలు కూడా ఉండదు అన్నది దాని సారాంశం. ఆ కాగితం లేకపోతే అతను వచ్చేవాడే కాదు. పై కోర్టుల దాకా వాదనలు నడిచాక, 2005 నవంబర్ 11న అతన్ని ముంబై తెచ్చారు.

అలా మనిషితో పాటు రెండు సంకెళ్లు కూడా వచ్చాయి, అవి పడింది మన కోర్టులకూ ప్రభుత్వానికీ. ఒకటి శిక్ష మీద పరిమితి. రెండోది ఏ నేరాలకు అప్పగించారో వాటికే విచారించాలన్న నియమం. ఈ రెండో దాని వెనుక భయం అర్థం చేసుకోదగ్గదే. దొంగతనం కేసని చెప్పి తీసుకుపోయి రాజద్రోహం కేసు పెడితే, అప్పగించిన దేశం మోసపోయినట్టే. మన 1962 అప్పగింత చట్టంలోని 21వ సెక్షన్ కూడా ఇదే చెబుతుంది. అయితే అందులో ఒక వెసులుబాటు ఉంది. అప్పగింత కోసం చూపిన వాస్తవాల్లోంచే బయటపడే చిన్న నేరాలకు విచారించవచ్చు.

ముంబైలో టాడా కోర్టు పేలుడు పదార్థాల చట్టం వంటి వాటి కింద మరికొన్ని అభియోగాలు చేర్చింది. అప్పగింత ఉత్తర్వులో ఇవి లేవు, ఒప్పందం తప్పారు అని సలేం వాదించాడు. పెద్ద నేరానికి అప్పగించారు, ఇవి అదే వాస్తవాల్లోని చిన్న నేరాలు, తప్పు లేదు అని 2010లో మన సుప్రీంకోర్టు చెప్పింది. పోర్చుగల్ కోర్టులు అలా అనుకోలేదు. షరతు ఉల్లంఘించారంటూ 2011లో లిస్బన్ హైకోర్టు అప్పగింతనే రద్దు చేసింది. అప్పటికి సలేం ఆరేళ్లుగా మన జైల్లో ఉన్నాడు, అతన్ని తిరిగి పంపే ప్రశ్నే లేదు. కానీ మాట తప్పిన దేశంగా పేరు పడితే రేపు ఇంకో నిందితుణ్ణి అడిగినప్పుడు ఎవరు నమ్ముతారు? చివరికి ఆ అదనపు అభియోగాలను తానే ఉపసంహరించుకుంటానని సీబీఐ అడిగింది. 2013లో సుప్రీంకోర్టు అందుకు అనుమతించింది. పోర్చుగల్ తీర్పు మన కోర్టులను కట్టడి చేయదని కూడా అదే తీర్పులో స్పష్టం చేసింది.

హామీ బరువెంతో 2017 సెప్టెంబర్ 7న ముంబై కోర్టు హాల్లో తేటతెల్లమైంది. పేలుళ్ల కేసులో అదే రోజు, అదే న్యాయమూర్తి తాహెర్ మర్చంట్, ఫిరోజ్ ఖాన్‌లకు ఉరిశిక్ష వేశారు. ఆయుధాల రవాణాలో పాత్ర రుజువైన సలేంకు యావజ్జీవం పడింది. అతనికి ఉరి అడిగే దారి ప్రాసిక్యూషన్‌కు లేదు. పేలుళ్లలో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు ఇది మింగుడుపడని తేడా. అయితే ఆ షరతుకు తలొగ్గకపోతే అతను బోనులోనే నిలబడేవాడు కాదన్నదీ అంతే నిజం.

కర్నూలు పాస్‌పోర్టులు కూడా తమ లెక్క తాము తేల్చుకున్నాయి. దొంగ పత్రాలు వాడినందుకు పోర్చుగల్‌లోనే ఇద్దరికీ శిక్ష పడింది. హైదరాబాద్ సీబీఐ కోర్టులో మోనికా బేడీకి 2006లో శిక్ష పడినప్పుడు, ఒకే పాస్‌పోర్టుకు రెండుసార్లు శిక్షేమిటని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లారు. లిస్బన్‌లో శిక్షించిన నేరం వేరు, ఇక్కడ కుట్ర చేసి తప్పుడు పేరుతో పాస్‌పోర్టు సంపాదించిన నేరం వేరు అని 2010లో కోర్టు తేల్చింది. శిక్షను మాత్రం అప్పటికే అనుభవించిన కాలానికి తగ్గించింది. సలేంకు అదే వ్యవహారంలో 2013లో హైదరాబాద్ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది.

చివరి వాదన పాతికేళ్లు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నది. 2002లో లిస్బన్‌లో అరెస్టయిన రోజు నుంచే అని సలేం అడిగాడు. ఆ తొలి మూడేళ్లు పోర్చుగల్‌లో చేసిన దొంగ పత్రాల నేరానికి పడిన శిక్ష, భారత్ కేసులకు చెందదు అని 2022 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది. లెక్క 2005 అక్టోబర్ 12 నుంచి మొదలవుతుందని నిర్ణయించింది. అదే తీర్పులో, దేశం ఇచ్చిన మాటకు కేంద్రం కట్టుబడక తప్పదని, పాతికేళ్లు నిండిన నెలలోగా విడుదల కోసం కాగితాలు కదలాలని ఆదేశించింది. ఆ లెక్కన 2030 అక్టోబర్‌లో కేంద్ర హోం శాఖ బల్ల మీదికి ఒక ఫైలు రావాలి. దానికి ఆధారమైన మొదటి కాగితం 2002 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి లిస్బన్ వెళ్లిన ఆ హామీ లేఖే.