బేరింగ్ మళ్లీ ఎందుకు పోయింది?

‘బేరింగ్ పోయింది, కొత్తది వేశాం, మిషన్ నడుస్తోంది.’ చాలా చోట్ల బ్రేక్‌డౌన్ రిపోర్టు ఇంతకు మించి ఉండదు. అదే బేరింగ్ మళ్లీ మళ్లీ పోతుంటే మాత్రం ఇది చాలదు. టొయోటాలో తాయిచి ఓనో తన మనుషులకు ‘ఎందుకు’ అని వరసగా ఐదుసార్లు అడగడం అలవాటు చేశారు. దాన్నే మన ఫ్యాక్టరీల్లో వై-వై అనాలిసిస్ అంటున్నారు.

ఒక రైస్ మిల్లునే తీసుకుందాం. ధాన్యం ఎలివేటర్ అడుగున ఉండే బేరింగ్ ఆరు వారాలకోసారి పట్టేస్తోంది. రిపోర్టు మొదట్లో ఏ మిషన్, ఏ పక్క బేరింగ్, ఏయే తేదీల్లో ఆగింది, మధ్యలో ఎన్ని గంటలు నడిచింది అన్నవి రాయాలి. కారణం గురించి అక్కడ ఒక్క మాటా రాయకూడదు. విప్పిన పాత బేరింగ్‌ను కడగకుండా, పారేయకుండా దాచాలి. సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది.

బేరింగ్ ఎందుకు పట్టేసింది? విప్పి చూస్తే గ్రీజులో ఊకదుమ్ము కలిసి ముద్దయింది. దుమ్ము ఎలా చేరింది? ఆయిల్ సీల్ అంచుకూ షాఫ్టుకూ మధ్య సందుంది. ప్రతిసారీ కొత్త సీలే వేస్తున్నారు కదా, సందెందుకు? సీల్ రాసుకునే చోట షాఫ్టు అరిగి గాడి పడింది. గోటితో గీస్తే తగులుతోంది. ఊకలో సిలికా ఎక్కువ, అది ఉక్కును కూడా అరగదీస్తుంది. మరి ఆ గాడి ఇన్నాళ్లూ ఎందుకు కనిపించలేదు? ఫిట్టర్ నింపే జాబ్ కార్డులో బేరింగ్, సీల్ మార్చడమే ఉంది, షాఫ్టు కొలవమని లేదు.

ప్రతి జవాబు పక్కనా ఎలా తెలిసిందో రాయాలి: ఫొటో, కొలత, విప్పిన భాగం. ఏదీ లేకపోతే అది ఊహే. మెట్లన్నీ రాశాక కింది నుంచి పైకి ‘అందుకే’ అని చదవాలి. కార్డులో లేదు, అందుకే ఎవరూ కొలవలేదు. కొలవలేదు, అందుకే గాడి అలాగే ఉండిపోయింది. ఎక్కడైనా ‘అందుకే’ అతకకపోతే మధ్యలో ఒక మెట్టు తప్పినట్టే. ఐదు అనే అంకెకు కట్టుబడనక్కర్లేదు, ఇక్కడ నాలుగుతో సరిపోయింది.

ఈ పద్ధతికి పెద్ద ప్రమాదం ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అన్న జవాబు. అది రాయగానే ప్రశ్న ఆగిపోతుంది, బేరింగ్ మాత్రం మళ్లీ పోతుంది. రెండో ప్రమాదం, ఒకే దారిన పోవడం. బెల్టు మరీ బిగుతుగా ఉందా, గ్రీజు రకం సరైనదేనా అన్న ప్రశ్నలకు విడిగా కొమ్మలు వేసి, పరీక్షించి, కాదని తేలితే ఆ సంగతీ రిపోర్టులో ఉంచాలి.

చివర రెండు పనులు, వాటికి బాధ్యులు, గడువులు రాయాలి. గాడి మీద సన్నని స్లీవ్ తొడగడం తక్షణ మరమ్మతు. జాబ్ కార్డులో షాఫ్టు కొలత చేర్చడం, మిగతా ఎలివేటర్లనూ అలాగే చూడడం మళ్లీ రాకుండా చేసేది. బేరింగ్ ఆరు వారాలకోసారి పోయేది కాబట్టి కనీసం పద్దెనిమిది వారాలు నడిచి, గ్రీజు శుభ్రంగా ఉందని చూశాకే రిపోర్టు మూసేయాలి.