పొద్దున ఒక ముక్క, రాత్రి ఒక లెక్క

టారో కార్డులు చేతపట్టినవాళ్లలో చాలామంది మొదట అలవాటు చేసుకునేది రోజుకో కార్డు తీయడం. పొద్దున కాఫీ తాగేలోపు పేక కలిపి, ఒక ముక్క తీసి, దాని మీది బొమ్మ చూసి ఇవాళ ఎలా ఉండబోతుందో నాలుగు మాటలు అనుకుంటారు. రాత్రికి వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ మాటల్లో ఏదో ఒకటి సరిపోయినట్టే ఉంటుంది. ఆ సరిపోవడం ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఒక నోటు పుస్తకం, మూడు నెలల ఓపిక ఉంటే చాలు. అయితే ఆ పుస్తకం రాయడానికి ఒక పద్ధతి ఉంది. పద్ధతి లేకుండా రాసిన డైరీ ఎన్నేళ్లు రాసినా, కార్డు నిజమే చెప్పిందన్న నమ్మకాన్ని పెంచుతుందే తప్ప దాన్ని పరీక్షించదు.

ముందు పేక సంగతి. టారో పదిహేనో శతాబ్దపు ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. దాన్ని జోస్యానికి వాడడం పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఊపందుకుంది. మొత్తం 78 ముక్కలు. అందులో 22 మేజర్ ఆర్కానా. మిగిలిన 56 మైనర్ ఆర్కానా. మన పేకలో ఇస్పేటు, ఆఠీను ఉన్నట్టే వీటిలో వాండ్స్, కప్స్, సోర్డ్స్, పెంటకిల్స్ అని నాలుగు జాతులు, ఒక్కోదానికి 14 ముక్కలు. ఇవాళ ఎక్కువమంది చేతుల్లో ఉన్న పేక 1909లో లండన్‌లో వెలువడింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ సూచనల మీద పమేలా కోల్మన్ స్మిత్ దాని బొమ్మలు గీసింది. మామూలు అంకెల ముక్కలకు కూడా ఆమె మనుషులతో, సంఘటనలతో బొమ్మలు వేసింది. రోజుకో కార్డు అలవాటుకు ఈ పేక అంత బాగా అమరడానికి కారణం అదే. ఏ ముక్క తీసినా ఒక కథ కనిపిస్తుంది, ఆ కథలో మన రోజు ఎక్కడో ఒకచోట ఇమిడిపోతుంది.

ఇబ్బందీ అక్కడే మొదలవుతుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, తర్వాత ఒక్కొక్కరికీ వారి వ్యక్తిత్వ వర్ణన అంటూ ఒక కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలను ఆయన చాలావరకు ఒక జ్యోతిష పుస్తకం నుంచి ఏరుకున్నాడు. ఎవరికైనా సరిపోయే మాటను మన కోసమే చెప్పినట్టు అనుకోవడం మనిషి సహజ గుణం. అందుకే మన డైరీలో “నిజమైంది” అన్న టిక్కులు ఎన్ని ఉన్నాయన్నది ఒక్కటే ఏమీ చెప్పదు. అదే వాక్యం మరో రోజుకు కూడా అంతే సరిపోయేదా అన్నది అసలు ప్రశ్న. పుస్తకాన్ని ఆ ప్రశ్నకు జవాబు దొరికేలా రాయాలి.

దీనికి రెండు పుస్తకాలు పెట్టుకోవడం మేలు. ఒకటి పొద్దుటిది, ఒకటి రాత్రిది. పొద్దుటి పుస్తకంలో తేదీ, కార్డు పేరు, దాని మీద మీ ఒక్క వాక్యం, అది జరిగే అవకాశం నూటికి ఎంత అనుకుంటున్నారో ఒక అంకె. రాత్రి పుస్తకంలో ఆ రోజు జరిగినవి అయిదారు వాక్యాల్లో. రాత్రి రాసేటప్పుడు పొద్దుటి పుస్తకం తెరవకూడదు. తెరిస్తే కార్డుకు తగ్గ సంఘటనలే గుర్తొస్తాయి, తగనివి కాగితం మీదికి రావు. పొద్దుటి కార్డు మనసులోంచి పూర్తిగా పోదు, అది సహజమే. అందుకని రాత్రి వాక్యాలకు ఒక వరుస పెట్టుకోవాలి: పని, డబ్బు, ఇల్లు, ఆరోగ్యం, కలిసిన మనుషులు, అనుకోనిది. రోజూ అదే వరుసలో రాస్తే కార్డుతో సంబంధం లేని సంగతులకు కూడా చోటు దొరుకుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఆఫీసులో అకౌంట్లు చూసే ఉద్యోగిని సోమవారం పొద్దున తీస్తే పెంటకిల్స్ ఎనిమిది వచ్చిందనుకోండి. బెంచీ మీద కూర్చున్న యువకుడు ఉలి, సుత్తి పట్టుకుని నాణెం మీద నక్షత్రం చెక్కుతుంటాడు. చెక్కడం పూర్తయినవి పక్కన స్తంభానికి వేలాడుతుంటాయి. ఆమెకు మొదట తట్టిన మాట “పనిలో శ్రద్ధ, శ్రమకు ఫలితం.” ఈ మాట ఏ సోమవారానికైనా సరిపోతుంది కాబట్టి పరీక్షకు పనికిరాదు. వాక్యం రాసిన వెంటనే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఏం జరిగితే ఇది తప్పని ఒప్పుకుంటాను? జవాబు దొరికేదాకా వాక్యాన్ని మార్చాలి. చెక్కిందే మళ్లీ చెక్కడం ఆ బొమ్మలో కనిపిస్తోంది కాబట్టి ఆమె ఇలా మార్చింది: “సాయంత్రం ఆరింటిలోపు నేను పూర్తి చేసి పంపిన పని ఒకటి సరిచేయమని వెనక్కి వస్తుంది.” ఇప్పుడు గడువు ఉంది, సంఘటన ఉంది, కాలేదని చెప్పే వీలూ ఉంది. అయిదు పనిదినాల్లో ఇలా రెండుసార్లు జరుగుతుంటుందని ఆమెకు తెలుసు, అంటే మామూలుగానే నూటికి నలభై. కార్డును బట్టి ఇవాళ ఎక్కువ అనుకుంది కాబట్టి అరవై వేసింది. ఆ రోజు నాలుగింటికి ఇన్‌వాయిస్ నంబరు తప్పు పడిందని ఒక బిల్లు వెనక్కి వచ్చింది. వాక్యం నిజమైంది.

మంగళవారం సోర్డ్స్ మూడు. ఎర్రటి గుండెలో దిగిన మూడు కత్తులు, వెనక మబ్బులు, వాన. ఆమె వాక్యం: “ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరో ఒకరు కోపంగా నన్ను ఒక మాట అంటారు.” రాత్రి దాకా ఎవరూ ఏమీ అనలేదు. కానీ మధ్యాహ్నం పక్క సీటు స్నేహితురాలు తల్లికి జబ్బు చేసిందని కన్నీళ్లు పెట్టుకుంది. “కార్డు చెప్పింది ఆ బాధ గురించే కదా” అన్న ఆలోచన సరిగ్గా ఇప్పుడు వస్తుంది. దాన్ని తోసేయనక్కర్లేదు గానీ లెక్కలో కలపకూడదు. పొద్దున రాసిన వాక్యం తప్పింది కాబట్టి సున్నా వేయాలి. కొత్తగా తట్టిన అర్థాన్ని “తర్వాత తట్టింది” అని పక్కన రాసుకోవాలి. నెలాఖరుకు ఈ గడిలో ఎన్ని చేరాయో చూస్తే, పద్ధతి లేకుండా రాసి ఉంటే ఎన్ని తప్పులు ఒప్పులుగా మారిపోయేవో కళ్లకు కడుతుంది. “కొంత నిజం” అని సగం మార్కు వేసే అలవాటు కూడా వద్దు. మెల్లమెల్లగా తప్పులన్నీ ఆ సగంలోకే చేరతాయి.

మూడు నెలలయ్యాక అసలు పరీక్ష. పొద్దుటి వాక్యాన్ని అదే రోజు రాత్రి రాసినదానితో పోల్చి ఒక లెక్క వేయాలి. తర్వాత అదే వాక్యాన్ని సరిగ్గా ఏడు రోజుల తర్వాతి రాత్రి రాతతో పోల్చి రెండో లెక్క వేయాలి. సోమవారం వాక్యం సోమవారంతోనే, ఆదివారం వాక్యం ఆదివారంతోనే పోలాలి కాబట్టి ఏడు రోజులు. వీలైతే ఈ పోలిక ఇంట్లో మరొకరితో చేయించాలి. వాక్యాన్నీ ఆ రాత్రి రాతనూ తేదీలు లేకుండా జతలుగా ఇస్తే, ఏది అసలు జతో ఏది మార్చిన జతో తెలియకుండా వాళ్లు అవుననో కాదనో చెబుతారు.

90 రోజులు రాస్తే ఇలా పోల్చడానికి 83 జతలు దొరుకుతాయి. అసలు జతల్లో 50 నిజమయ్యాయనుకుందాం, అంటే నూటికి 60. ఈ ఒక్క అంకె చూస్తే కార్డుకు గొప్ప శక్తి ఉందనిపిస్తుంది. మార్చిన జతల్లో 47 నిజమయ్యాయనుకుందాం, అంటే నూటికి 57. ఈ రెండూ పక్కపక్కన పెడితే, ఆ వాక్యాలు ఏ వారానికైనా దాదాపు అంతే సరిపోతాయని, కార్డు ఆ రోజు గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదని తేలుతుంది. ఇన్ని జతల్లో పది పదిహేను శాతం తేడా ఉత్త యాదృచ్ఛికంగానే రావచ్చు. అంతకు మించిన తేడా కనిపిస్తే ఇంకో మూడు నెలలు రాసి, అది మళ్లీ వస్తుందా అని చూడాలి.

తేడా కనిపించినప్పుడు మొదట వెతకాల్సిన కారణం మన ప్రవర్తన. పెంటకిల్స్ ఆరులో ఒక ధనికుడు తక్కెడ పట్టుకుని బిచ్చగాళ్లకు నాణేలు వేస్తుంటాడు. అది చూసి “ఇవాళ ఒకరికి సాయం చేస్తాను” అని రాసుకున్నవాళ్లు సాయం చేసే అవకాశం కోసం చూస్తూనే ఉంటారు. అది కార్డు ముందే చెప్పడం కాదు, కార్డు మనతో చేయించడం. అందుకే ప్రతి వాక్యం పక్కన “నా చేతిలోది”, “ఇతరుల చేతిలోది” అని గుర్తు పెట్టి, రెండు లెక్కలూ విడివిడిగా చూడాలి.

ఇంకో పొరపాటు, ఒకే కార్డు పదేపదే వస్తోందని దానికి విశేషార్థం వెతకడం. తీసిన ముక్కను మళ్లీ పేకలో కలుపుతూ పోతే, పదకొండు రోజుల్లో ఏదో ఒక కార్డు రెండోసారి వచ్చే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువే. నెల రోజుల్లో దాదాపు తప్పదు. మరోవైపు, 90 రోజులు తీసినా సుమారు 24 కార్డులు ఒక్కసారి కూడా కనిపించవు. కాబట్టి “సోర్డ్స్ మూడు నాకు ఎప్పుడూ నిజమవుతుంది” అని చెప్పడానికి మూడు నెలల పుస్తకం చాలదు. జాతులవారీగా మాత్రం చూడవచ్చు. ఒక్కో జాతికి 16 రోజుల చొప్పున, మేజర్ ఆర్కానాకు 25 రోజుల దాకా వస్తాయి. పేక సరిగ్గా కలపకపోతే ఈ లెక్కలన్నీ చెడతాయి. నిన్నటి ముక్కను పైన పెట్టి రెండుసార్లు కలిపితే అది పైభాగంలోనే తిరుగుతుంటుంది. ముక్కలన్నీ బల్ల మీద బోర్లా పరిచి రెండు చేతులతో ఒక నిమిషం కలియతిప్పడం తేలికైన మార్గం. కలిపేటప్పుడు జారిపడిన ముక్కను లెక్కలోకి తీసుకోవాలా, తలకిందుల ముక్కకు వేరే అర్థం ఇవ్వాలా అన్నవి మొదటి రోజే తేల్చి, పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.

పొద్దున వేసిన అంకె కూడా ఇక్కడ పనికొస్తుంది. నూటికి ఎనభై అని వేసిన వాక్యాలన్నీ ఒకచోట చేర్చి, వాటిలో నిజమైనవి ఎన్నో చూడాలి. వాతావరణ సూచనల నాణ్యతను కొలవడానికి గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన పద్ధతికి మూలం కూడా ఇలాంటి పోలికే: ఎంత నమ్మకంతో చెప్పాం, ఎంత జరిగింది. ఎనభై వేసినచోట యాభయ్యే నిజమైతే, మన నమ్మకాన్ని ఎంత తగ్గించుకోవాలో తెలుస్తుంది. సోర్డ్స్ వచ్చిన రోజుల్లోనే ఆ పొరపాటు ఎక్కువగా కనిపిస్తే, కత్తుల బొమ్మ చూసినప్పుడు మనం లేని గొడవను ఊహించుకుంటున్నామని అర్థం. ఇది కార్డు గురించిన సమాచారం కాదు, మన భయం గురించిన సమాచారం.

మూడు నెలల చివర రెండు లెక్కలూ సమానమైతే పేకను అటక మీద పెట్టేయాలని కాదు. రేపు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మాత్రం దాన్ని వాడకూడదు. ఉద్యోగం మారడం, అప్పు ఇవ్వడం, వైద్యుణ్ని కలవడం వాయిదా వేయడం లాంటి నిర్ణయాలు ఆ ముక్క మీద ఆనకూడదు. పొద్దున అయిదు నిమిషాలు ఒక బొమ్మ ముందు కూర్చుని రోజు గురించి ఆలోచించుకోవడానికి అయితే అది ఎప్పటిలాగే పనికొస్తుంది, దానికి కార్డు నిజం కావాల్సిన అవసరం లేదు.