కొంగ కాళ్ల దగ్గర తడబడే మాస్క్

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఒక ఎర్రకాళ్ల కొంగ నిలబడి ఉన్న ఫోటో తీసుకుందాం. వెనక బురదరంగు నీళ్లు, పిచ్చిమొక్కలు. పత్రిక ముఖచిత్రం కోసం ఆ కొంగను మాత్రమే తీసి లేత పసుపు నేపథ్యం మీద పెట్టాలి. ఒకప్పుడు పెన్ టూల్‌తో ఒంటి చుట్టూ చుక్క చుక్క పెట్టుకుంటూ వెళ్లాల్సిన పని ఇది. 2018లో ఫోటోషాప్‌లోకి Select Subject వచ్చాక, పైన Select మెనూలో Subject నొక్కితే కొన్ని సెకన్లలో కొంగ చుట్టూ గీత కదులుతూ కనిపిస్తుంది. లేయర్స్ ప్యానెల్ అడుగున ఉన్న మాస్క్ గుర్తు నొక్కితే నీళ్లు మాయమవుతాయి.

బొమ్మ మొత్తం తెరకు సరిపడా కనిపిస్తున్నప్పుడు ఈ మాస్క్ చక్కగానే ఉందనిపిస్తుంది. అప్పుడే సంతృప్తి పడకూడదు. Alt పట్టుకుని మాస్క్ మీద క్లిక్ చేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మాస్క్ అంటే ఒక నలుపు తెలుపు బొమ్మ. తెలుపున్న చోట ఫోటో కనబడుతుంది, నలుపున్న చోట దాగుతుంది, బూడిదరంగున్న చోట సగం సగంగా ఉంటుంది. కొంగ ఒళ్లు, ముక్కు తెల్లగా నిండుగా వస్తాయి. కాళ్ల దగ్గరకొచ్చేసరికి మసక. మోకీలు కింద ఒకచోట కాలు తెగిపోయి ఉంటుంది. రెండు కాళ్లూ దగ్గరైన చోట మధ్య సందు పూడిపోయి, అందులో పాత నీళ్లు అలాగే ఉండిపోతాయి.

ఎందుకిలా? ఇలాంటి పద్ధతులు మామూలుగా ఫోటోను చిన్నది చేసుకుని చూసి, అందులో గుర్తుపట్టిన ఆకారాన్ని మళ్లీ పెద్దది చేస్తాయి. మన ఫోటోలో కాలు 18 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి. ఫోటో ఆరో వంతుకు తగ్గితే అది 3 పిక్సెళ్లే. ఆ మాత్రం గీత ఒక కాలో, నీటి మీద మెరుపో తేల్చుకోవడం కష్టం. పైగా కాలి రంగు, బురద రంగు దగ్గరదగ్గరగా ఉంటే తెగిపోవడం ఖాయం.

తెగిన కాలును అతికించడానికి చేతిపనే నమ్మకమైనది. మాస్క్ ఎంచుకుని, ఫోటోను 200 శాతానికి పెంచి, కాలి వెడల్పుకన్నా కాస్త సన్నని బ్రష్ తీసుకోవాలి. దాని అంచు మరీ గట్టిగా ఉంటే కాలు కత్తెరతో కత్తిరించినట్టుంటుంది కాబట్టి Hardness 70, 80 మధ్య పెట్టుకోవాలి. తెలుపు రంగుతో మోకీలు దగ్గర ఒక క్లిక్, తర్వాత Shift పట్టుకుని పాదం దగ్గర ఇంకో క్లిక్. రెంటి మధ్య తిన్నని గీత పడుతుంది. పక్షి కాలు మోకీలుకూ పాదానికీ మధ్య దాదాపు తిన్నగానే ఉంటుంది కనుక ఈ ఉపాయం ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. గీత కాలు దాటి నీళ్లలోకి పోతే X నొక్కి నలుపుకు మారి, ఆ అంచును తుడిచేయాలి. కాళ్ల మధ్య సందుకు బ్రష్ కూడా అక్కర్లేదు. పాలిగనల్ లాసోతో ఆ సందు మేరకు చుట్టి నలుపు నింపితే చాలు.

చాలామంది ఇక్కడ Select and Mask లోని Refine Edge బ్రష్‌ను కాళ్ల మీద కూడా తిప్పుతారు. అది జుట్టుకు, విచ్చుకున్న ఈకలకు పనికొచ్చేది. కాలిలాంటి గట్టి అంచు మీద తిప్పితే అంచును పల్చన చేసి, కొత్తగా బూడిదరంగు పుట్టిస్తుంది. దాన్ని రెక్కల కొసలకు పరిమితం చేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఆకారం సరిపోయాక మిగిలేది అంచు వెంబడి పాత నీటి రంగు. ఇది కనబడాలంటే కొంగ కింద ఒక రంగు లేయర్ పెట్టి చూడాలి. లేత రంగు పెడితే కాళ్ల పక్క ముదురు చార బయటపడుతుంది. కానీ తెల్లని ఈకలు ఎక్కడైనా పోయి ఉంటే లేత రంగులో తెలియదు, అందుకు ముదురు రంగు పెట్టి మరోసారి చూడాలి. చార పోవాలని మాస్క్‌ను లోపలికి జరిపితే ఒంటి దగ్గర బాగానే ఉంటుంది, కాలు మాత్రం పుల్లలా సన్నబడుతుంది. అందుకని కాళ్ల దగ్గర మాస్క్‌ను కదపకుండా రంగునే మార్చాలి. పైన కొత్త లేయర్ పెట్టి, దాన్ని కొంగ లేయర్‌కు క్లిప్ చేసి, కాలి మధ్యనుంచి గులాబీ రంగు తీసుకుని చార మీద పల్చగా పూయాలి. క్లిప్ చేసిన లేయర్ మాస్క్ దాటి బయటికి రాదు కనుక రంగు కాలి మీదే నిలుస్తుంది.

నీళ్లలో ప్రతిబింబాన్ని కూడా కొన్నిసార్లు కొంగలో భాగంగానే తీసేసుకుంటుంది. ఖాళీ నేపథ్యం మీద పెట్టేటప్పుడు దాన్ని నీటిమట్టం దగ్గర కత్తిరించక తప్పదు. అప్పుడు పాదాల్లేని కొంగ మిగులుతుంది. ముఖచిత్రం కింది అంచుకు కాళ్లను తాకించి పెడితే ఆ లోటు కనబడదు.

ఎంతవరకు శుభ్రం చేయాలో అచ్చయ్యే సైజు చెబుతుంది. ఫోటోలో 1500 పిక్సెళ్ల ఎత్తున్న కొంగ, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 2 అంగుళాల ఎత్తున అచ్చయితే 600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, 18 పిక్సెళ్ల కాలు 7 పిక్సెళ్లవుతుంది. అంచున సన్నని బూడిదరంగు చుక్కలు అందులో కలిసిపోతాయి, వాటికోసం గంటలు పెట్టనక్కర్లేదు. తెగిన కాలు, పూడిన సందు మాత్రం ఆ సైజులోనూ స్పష్టంగా కనిపిస్తాయి. టైమ్ తక్కువున్నప్పుడు ముందు ఆ రెండూ చూసుకోవాలి.