పిల్లలతో ‘బుక్ రిపోర్ట్’ రాయిస్తున్నారా?

దసరాకో, వేసవికో సెలవులు ఇచ్చారంటే చాలు, చాలా స్కూళ్ళలో లెక్కలు, కాపీ రైటింగులతో పాటు ‘ఒక కథల పుస్తకం చదివి బుక్ రిపోర్ట్ రాసుకుని రండి’ అని కూడా చెప్పి పంపిస్తారు. కాగితం మీద నాలుగు హెడ్డింగులుంటాయి. ప్లాట్, క్యారెక్టర్స్, సెట్టింగ్, ఫేవరెట్ పార్ట్. మన మాటల్లో చెప్పుకోవాలంటే కథ, పాత్రలు, కథ జరిగే చోటు, పిల్లలకు బాగా నచ్చిన ఘట్టం. రేపు స్కూలు తెరుస్తారనగా ఈ రాత్రి ఆ కాగితం సంచీలోంచి బయటికొస్తుంది. తల్లి స్టవ్ దగ్గర నిలబడి చెబుతూ ఉంటుంది, పిల్ల నిద్రకళ్ళతో రాస్తూ ఉంటుంది.

అలా రాసింది టీచరుకు ఇట్టే తెలిసిపోతుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ‘ఈ కథ వలన మిత్రద్రోహము తగదని తెలియుచున్నది’ అని తనంతట తాను రాయదు కదా! మార్కుల మాట అలా ఉంచండి. తాను చదివిన కథ గురించి తనకేమనిపించిందో చెప్పే అవకాశం పిల్లకు రాకుండా పోతుంది.

మరి మనం ఏం చేయాలి? చెప్పకూడదు, అడగాలి. ఎలా అడగాలో ఒక కథ తీసుకుని చూద్దాం. మనందరికీ తెలిసిన కోతి, మొసలి కథే తీసుకుందాం. పంచతంత్రంలో నాలుగో తంత్రమైన లబ్ధప్రణాశానికి మూలకథ ఇదే. రాసేది మూడో తరగతి పిల్ల అనుకోండి.

ముందు పుస్తకం సంగతి

పంచతంత్రం పుస్తకంలో బోలెడు కథలుంటాయి. అన్నింటి మీదా రిపోర్టు రాయడం పిల్లల వల్ల కాదు. ఒక్క కథ ఎంచుకోమనండి. పైన పుస్తకం పేరు, కథ పేరు రాయించండి. రాసినవారి పేరు దగ్గర పిల్లలు తికమక పడతారు. పంచతంత్రం విష్ణుశర్మ చెప్పాడని అంటారు, కానీ మన చేతిలో ఉన్న పుస్తకాన్ని పిల్లల కోసం తిరిగి రాసినవారు వేరే ఉంటారు. లోపలి మొదటి పేజీలో ఆ పేరు ఉంటుంది. అది రాయించండి. బొమ్మలు వేసినవారి పేరు ఉంటే అదీ రాయిస్తే ఇంకా బాగుంటుంది.

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలు, కాగితం పక్కన పెట్టనివ్వకండి. హాయిగా కథ చదువుకోనివ్వండి.

నచ్చిన ఘట్టం ముందు అడగండి

కాగితంలో ఇది ఆఖరి హెడ్డింగే. అయినా అడగడం మాత్రం మొదట అడగాలి. మిగతా మూడూ రాసేసరికి పిల్లలు అలిసిపోతారు. అప్పుడు ‘నీకేది నచ్చింది?’ అంటే ‘అంతా నచ్చింది’ అంటారు. పుస్తకం మూసిన వెంటనే అడిగితే అసలు మాట వస్తుంది.

“ఏ బొమ్మ దగ్గర నువ్వు కాసేపు ఆగావమ్మా?” అని అడగండి. ‘ఏది నచ్చింది’ అన్నదాని కంటే దీనికి జవాబు తేలిగ్గా వస్తుంది.

ఇక్కడే మనం నోరు కట్టేసుకోవాలి. కోతి తెలివిగా తప్పించుకున్న చోటే నచ్చిందంటుందని మనం అనుకుంటాం. పిల్ల ఏమో “మొసలి నది మధ్యలో నిజం చెప్పేస్తుంది కదమ్మా, అక్కడ” అనవచ్చు. “అదేమిటే, మొసలి చెడ్డది కదా!” అన్నారంటే పని అయిపోయినట్టే. మరుక్షణం మాట మార్చి, మనకు కావలసిన జవాబు చెబుతుంది. అలా కాకుండా “ఎందుకు?” అని మాత్రం అడిగి ఊరుకోండి. “దానికి ఫ్రెండుని చంపాలని లేదమ్మా. అబద్ధం చెప్పలేకపోయింది. పాపం” అంటుంది. చూశారా? ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్న మనకు తట్టని సంగతి! ఆ మాటలను అలాగే ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టండి. రిపోర్టులో రాయాల్సింది అదే.

ఇంకో సంగతి. నచ్చిన ఘట్టం వేరు, నీతి వేరు. ‘స్నేహితులను మోసం చేయకూడదు’ అన్నది నీతి. ఫలానా పేజీలో, ఫలానా చోట, ఫలానాది జరిగింది అని వేలు పెట్టి చూపించగలిగితే అది ఘట్టం. దాని తర్వాత ‘ఎందుకంటే’ అన్న మాటతో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి.

పాత్రలు: ‘నీకెలా తెలిసింది?’

మర్నాడు పాత్రల గురించి అడగండి. పిల్లలు ఎక్కువగా రాసేది ‘కోతి మంచిది, మొసలి చెడ్డది’ అనే. దానికి “నీకెలా తెలిసింది?” అన్న ఒక్క ప్రశ్న చాలు. పిల్ల పుస్తకం తిరగేసి, కోతి రోజూ పళ్ళు కోసి ఇచ్చింది, మొసలి పెళ్ళానికి కూడా ఇచ్చి పంపింది అని చెబుతుంది. అయితే ‘మంచిది’ అన్న చోట ‘ఉన్నది పంచుకుంటుంది’ అని రాయవచ్చు. గుండెకాయ చెట్టు మీదే మరిచిపోయి వచ్చానని చెప్పి ఒడ్డుకు తిరిగి వచ్చింది కాబట్టి ‘తెలివైనది’ అనీ రాయవచ్చు. గుణం ఒకటి, దాన్ని చూపించే పని ఒకటి, రెండూ కలిపితేనే పాత్ర గురించి చెప్పినట్టు.

ఎవరెవరి గురించి రాయాలన్న సందేహం కూడా వస్తుంది. ‘ఈ పాత్ర లేకపోతే కథ నడుస్తుందా?’ అని చూడమనండి. మొసలి భార్య కథలో కనిపించేది తక్కువే. కానీ కోతి గుండెకాయ కావాలని పట్టుబట్టింది ఆమే. ఆమె లేకపోతే గొడవే లేదు, కథా లేదు. కాబట్టి ఆమె గురించి ఒక వాక్యం ఉండాల్సిందే. బొమ్మలో పక్కన చేపలో, పక్షులో ఉంటే వాటిని వదిలేయవచ్చు.

పంచతంత్రంలో కోతి పేరు రక్తముఖుడు, మొసలి పేరు కరాళముఖుడు. మీ పుస్తకంలో ఆ పేర్లుంటే రాయించండి. లేకపోతే మనకు తెలుసు కదా అని మీరు కలపకండి. రిపోర్టు ఆ పుస్తకం గురించి.

కథ జరిగే చోటు

దీన్ని పిల్లలు ‘అడవి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఇక్కడ కూడా చేతిలో ఉన్న పుస్తకమే ప్రమాణం. పెద్దవాళ్ళు చదివే పంచతంత్రంలో ఈ కథ సముద్రపు ఒడ్డున నేరేడు చెట్టు మీద జరుగుతుంది. పిల్లల పుస్తకాల్లో చాలావాటిలో నది ఒడ్డు అని ఉంటుంది. మీ పుస్తకంలో ఏదుంటే అదే.

“ఈ కథ మన వీధిలో జరిగితే ఏమవుతుంది?” అని అడిగి చూడండి. నవ్వుతూనే “మొసలి ఎలా వస్తుందమ్మా? కోతి గోడ మీద నుంచి దూకి పారిపోతుంది” అంటారు. అదీ విషయం! ఒడ్డున చెట్టు ఉంటే కోతికి భయం లేదు. నది మధ్యలో దూకడానికి కొమ్మ లేదు. అందుకే అక్కడ ప్రమాదం వచ్చింది. చోటు గురించి రెండు వాక్యాలు చాలు. ఒకటి ఎక్కడ అని, ఇంకొకటి ఆ చోటు వల్ల ఏం జరిగింది అని. పుస్తకంలో కాలం చెప్పకపోతే ‘చాలా కాలం క్రితం’ అంటే సరిపోతుంది.

కథ: ‘తర్వాత’లు ఏరేయండి

అన్నింటికంటే కష్టం ఇదే. కథ క్లుప్తంగా రాయమంటే పిల్లలు ఉన్నదంతా రాసేస్తారు. ‘కోతి ఉంది. తర్వాత మొసలి వచ్చింది. తర్వాత పండు ఇచ్చింది. తర్వాత మొసలి తిన్నది. తర్వాత ఇంకోటి ఇచ్చింది...’ ఇలా రెండు పేజీలైనా నది మధ్యకు చేరరు.

ముందు నోటితో చెప్పించండి. ‘తర్వాత’ వచ్చిన ప్రతి చోటా దాన్ని తీసేసి ‘కానీ’ గానీ, ‘అందుకని’ గానీ పెట్టమనండి. రెండూ అతకకపోతే ఆ వాక్యం వదిలేయవచ్చు. ‘ఇంకో పండు ఇచ్చింది’ దగ్గర రెండూ అతకవు, పోతుంది. ‘ఇద్దరూ స్నేహితులయ్యారు. కానీ మొసలి భార్య కోతి గుండె కావాలన్నది’ బాగా అతికింది, ఉంటుంది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే అన్నమాట. చివరికి అయిదారు వాక్యాలు మిగులుతాయి.

రాసేటప్పుడు

ఇప్పుడు చీటీలు ముందు పెట్టుకుని, కాగితంలో ఉన్న వరసలో రాయమనండి. ఇంగ్లీషులో రాయాల్సి ఉన్నా ఇంతవరకు మాటలన్నీ తెలుగులోనే జరగనివ్వండి. ఆ తర్వాత కావలసిన అయిదారు ఇంగ్లీషు మాటలకు మాత్రం స్పెల్లింగు రాసివ్వండి. ఏం చెప్పాలో తెలిసిన పిల్లకు ఎలా చెప్పాలన్నది అంత కష్టం కాదు.

మన పిల్ల రాసింది ఇలా ఉంటుంది:

‘కథ: కోతి రోజూ మొసలికి నేరేడు పళ్ళు ఇచ్చేది. అందుకని ఇద్దరూ స్నేహితులయ్యారు. కానీ మొసలి భార్య కోతి గుండె తినాలన్నది. అందుకని మొసలి కోతిని భోజనానికి పిలిచి వీపు మీద ఎక్కించుకుంది. కానీ నది మధ్యలో నిజం చెప్పేసింది. అందుకని కోతి, గుండె చెట్టు మీద ఉంది అని చెప్పి వెనక్కి వచ్చి చెట్టెక్కేసింది.

పాత్రలు: కోతి తెలివైనది, భయపడినా ఉపాయం ఆలోచించింది. మొసలి భార్య మాట కాదనలేకపోయింది. మొసలి భార్యకు ఆశ ఎక్కువ, పళ్ళు ఇచ్చిన కోతినే తినాలనుకుంది.

చోటు: నది ఒడ్డున నేరేడు చెట్టు. నది మధ్యలో కొమ్మ లేదు కాబట్టి కోతి దూకలేకపోయింది.

నచ్చిన ఘట్టం: మొసలి నిజం చెప్పడం. ఎందుకంటే దానికి ఫ్రెండుని చంపాలని లేదు.’

‘కానీ’, ‘అందుకని’ మళ్ళీ మళ్ళీ వచ్చాయి కదా అనిపిస్తుంది. రానివ్వండి. ఈ వయసులో కథ ముక్కలు ఒకదానికొకటి అతకడమే ముఖ్యం. అక్షర దోషాలు కూడా అన్నీ ఒకేసారి దిద్దకండి. కథలో మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు మూడు మాటలు దిద్దితే చాలు.

రాశాక నాన్నకో, నానమ్మకో చదివి వినిపించమనండి. వాళ్ళను మాత్రం కథ అసలు తెలియనట్టే వినమనండి. “కోతి మొసలి వీపెందుకు ఎక్కిందే?” అని అడిగారంటే, భోజనానికి పిలిచిన వాక్యం ఎక్కడో జారిపోయిందన్నమాట. పిల్లే పరుగెత్తుకెళ్ళి చేరుస్తుంది.

ఇదంతా ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున నాలుగు రోజులు పెట్టుకోండి. చదవడం, నచ్చిన ఘట్టం ఒక రోజు, పాత్రలు, చోటు ఒక రోజు, కథ నోటితో చెప్పడం ఒక రోజు, రాయడం ఒక రోజు. ఒకటి, రెండు తరగతుల పిల్లలైతే ఇంత అక్కర్లేదు. నచ్చిన ఘట్టం బొమ్మ వేసి, కింద ‘ఎందుకంటే’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. గ్రహాల మీదో, జంతువుల మీదో సమాచారం ఇచ్చే పుస్తకం తెచ్చుకుంటే మాత్రం ఈ నాలుగు హెడ్డింగులూ కుదరవు. రిపోర్టు కోసం కథల పుస్తకమే తీయించండి.