స్పెషలిస్టు డాక్టరు కార్యాలయానికి ఈమెయిల్: మళ్ళీ చూపించుకోవడానికి సమయం కోరడం

1. పరిచయం

గత భాగంలో కార్యాలయ లేఖల స్వరూపాన్ని తెలుసుకున్నారు. ఈ భాగంలో ఒకే ఒక లేఖను వివరంగా పరిశీలిద్దాం. ఒకసారి చూసిన స్పెషలిస్టు డాక్టరుకు మళ్ళీ చూపించుకోవడానికి సమయం కోరుతూ రాసే ఈమెయిల్ అది. దీనిని చదివిన తరువాత, తొందర ఎంత ఉందో ఆధారంతో చెప్పడమూ, మీకు వీలైన రోజులను అవతలివారికి ఉపయోగపడేలా సూచించడమూ మీకు తెలుస్తుంది.

మొదట ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ మెయిల్‌ను ముందుగా చదివేది సాధారణంగా డాక్టరు కాదు, అపాయింట్‌మెంట్లు చూసే ఉద్యోగి. జబ్బు తీవ్రతను నిర్ణయించే అధికారం ఆ ఉద్యోగికి లేదు. "చాలా అర్జంటు, దయచేసి త్వరగా చూడండి" అని రాస్తే ఆయన చేయగలిగింది తక్కువ, ఎందుకంటే వచ్చే మెయిళ్ళలో చాలావాటిలో ఆ మాటే ఉంటుంది. "క్రియాటినిన్ 1.5 నుంచి 2.1కి పెరిగింది" అని రాస్తే ఆ వాక్యాన్ని ఆయన డాక్టరుకు చూపించగలడు. కాబట్టి తొందరను విశేషణాలతో కాక వాస్తవాలతో చెప్పాలి.

2. ఏది తదుపరి సంప్రదింపు?

2020 మార్చి 25న మన దేశంలో వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీనికి ఒక నిర్వచనం ఇచ్చాయి. డాక్టరు రోగిని నేరుగా చూసిన 6 నెలల లోపు, అదే జబ్బుకు, అదే డాక్టరును సంప్రదించడం తదుపరి సంప్రదింపు. ఆ జబ్బుకు సంబంధం లేని కొత్త లక్షణం వస్తే అది దీని కిందికి రాదు. ఆ నిర్వచనం దూరం నుంచి చేసే వైద్యానికి ఉద్దేశించినదే అయినా, మన మెయిల్‌కు కూడా మంచి కొలత. చివరిసారి చూసిన తేదీ, ఆసుపత్రి ఇచ్చిన రోగి నంబరు, డాక్టరు మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అనే మూడు వివరాలుంటే కార్యాలయం పాత రికార్డును వెంటనే తీయగలదు. రోగి నంబరు ఓపీ చీటీ మీద ఉంటుంది. ఆధార్ నంబరు రాయనవసరం లేదు.

3. ఒక ఉదాహరణ

కృష్ణా జిల్లా గూడూరులో ఉండే 58 ఏళ్ళ మహిళ ఒకరిని ఊహించుకోండి. షుగరు వల్ల ఆమె కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. మార్చి 18న విజయవాడలో కిడ్నీ స్పెషలిస్టు చూసి, 90 రోజులకు మందులు రాసి, మూడు నెలల తరువాత రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు. మే నెలాఖరుకు పాదాలు వాచాయి. జూన్ 2న మచిలీపట్నంలో పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగినట్లు తేలింది. జూన్ 4, బుధవారం ఉదయం ఆమె కుమారుడు ఇలా రాస్తున్నాడు:

విషయం: మళ్ళీ చూపించుకోవడానికి సమయం కోరుతూ – రోగి నంబరు ....... – క్రియాటినిన్ పెరిగింది – జూన్ 11 లోపు

డాక్టరు గారి కార్యాలయానికి నమస్కారం.

మా అమ్మగారు (పూర్తి పేరు, వయసు 58) మార్చి 18న డాక్టరు గారికి చూపించుకున్నారు. మూడు నెలల తరువాత రమ్మన్నారు. అంతకంటే ముందే రావలసిన అవసరం కలిగింది.

మార్చిలో క్రియాటినిన్ 1.5 ఉంది. జూన్ 2న 2.1 వచ్చింది. పది రోజులుగా రెండు పాదాలూ వాచాయి. ఆయాసం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. రాసిన మందులన్నీ మానకుండా వాడుతున్నారు. అవి జూన్ 15 వరకు వస్తాయి.

జూన్ 6 శుక్రవారం, 9 సోమవారం, 10 మంగళవారం మాకు అనుకూలం. గూడూరు నుంచి బస్సులో రావాలి కనుక ఉదయం 10.30 తరువాత అయితే మేలు. ఆ రోజుల్లో కుదరకపోతే జూన్ 11 లోపు ఏ రోజు ఇచ్చినా వస్తాం.

ఈ రిపోర్టును డాక్టరు గారికి చూపించి, ఇంకా ముందే రావాలేమో, ఈలోగా మందుల్లో మార్పు చేయాలేమో తెలియజేయగలరు. మార్చి నాటి చీటీ, జూన్ 2 నాటి రిపోర్టు జతచేశాను.

(కుమారుడి పేరు, ఫోన్ నంబరు)

4. విశ్లేషణ

ఈ మెయిల్‌లో "అర్జంటు" అనే మాట లేదు. అయినా తొందర స్పష్టంగా ఉంది. పాత అంకె, కొత్త అంకె పక్కపక్కనే ఉండడం వల్ల 40 శాతం పెరుగుదల డాక్టరుకు ఒక్క చూపులో తెలుస్తుంది. కొత్త అంకె ఒక్కటే ఇస్తే, అది చాలాకాలంగా ఉన్నదో ఈ మధ్య పెరిగిందో తెలియదు. అలాగే "ఆయాసం లేదు" అనే మాట కూడా అవసరమే. లేని లక్షణాన్ని చెప్పడం వల్ల కొద్ది రోజులు ఆగవచ్చా, వెంటనే పిలిపించాలా అని తేల్చుకోవడం డాక్టరుకు సులభమవుతుంది.

రోజుల సంగతి చూడండి. చాలామంది స్పెషలిస్టులు అన్ని రోజులూ ఓపీ చూడరు. "శుక్రవారమే కావాలి" అని రాస్తే, ఆ రోజు ఓపీ లేకపోతే ఉత్తరప్రత్యుత్తరాలతోనే రెండు రోజులు గడుస్తాయి. "ఎప్పుడైనా సరే" అంటే తొందర లేదని అనుకోవచ్చు. అందుకే మూడు రోజులు, ఒక వేళ, ఒక గడువు ఇచ్చాడు. రోజును వారంతో పాటు తేదీతోనూ రాయాలి. "వచ్చే సోమవారం" అంటే ఏ సోమవారమో చదివేవారు పొరపడవచ్చు.

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. గడువు రోగి కుటుంబం అంచనా మాత్రమే. అది చాలా ఆలస్యం కావచ్చు. ఆ నిర్ణయాన్ని డాక్టరుకు వదిలిపెట్టడం వల్ల ఆ ప్రమాదం తగ్గుతుంది. జవాబు వచ్చేవరకు మందులను సొంతంగా ఆపడం గాని, పెంచడం గాని చేయకూడదు.

5. పంపిన తరువాత

"మీ మెయిల్ అందింది" అని క్షణాల్లో వచ్చే జవాబు యంత్రం పంపేది. అది అపాయింట్‌మెంట్ కాదు. తేదీ, వేళ, డాక్టరు పేరు ఉన్న జవాబు వస్తేనే ఖరారైనట్లు. బిల్లులు వచ్చే `no-reply` చిరునామాకు జవాబిస్తే ఎవరూ చదవరు కనుక, చీటీ మీద ఉన్న చిరునామాకే పంపాలి. పై ఉదాహరణ వంటి సందర్భంలో మెయిల్ పంపిన రోజే ఫోన్ చేసి, "రోగి నంబరు ఇది, రిపోర్టు మెయిల్‌లో పంపాను, డాక్టరు గారికి చూపించగలరా?" అని అడగడం మంచిది. మళ్ళీ రాయవలసి వస్తే కొత్త మెయిల్ కాక పాతదానికే కొనసాగింపుగా రాయాలి. లేకపోతే రెండూ వేర్వేరు అభ్యర్థనలవుతాయి.

6. మెయిల్ పనికిరాని సందర్భం

మన ఉదాహరణలోని రోగికి పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, మూత్రం బాగా తగ్గిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాటలో తికమక కనిపించినా మెయిల్ రాసి ఎదురుచూడకూడదు. 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్ళాలి. స్పెషలిస్టుకు సమాచారం తరువాత ఇవ్వవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) పై మెయిల్‌లో "ఆయాసం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది" అనే వాక్యాన్ని తీసివేస్తే డాక్టరుకు తెలియకుండా పోయేది ఏమిటి?

ఆ) గుడివాడలో ఉన్న ఒక రోగికి కంటి ఆపరేషన్ అయి మూడు వారాలైంది. డాక్టరు నాలుగు వారాలకు రమ్మన్నారు. చుక్కల మందు ఐదు రోజుల్లో అయిపోతుంది. వేరే ఇబ్బంది లేదు. సమయం కోరుతూ 80 మాటలకు మించకుండా మెయిల్ రాయండి. ఇందులో తొందర ఎంత మేరకు చెప్పాలో ఆలోచించండి.